తాత గురించి రాస్తున్న మనవరాలికి

తిరుపతి

అమ్మాయీ,

నువ్వు పంపిన పేజీలు చదివాను. "మా తాత నిజాయితీపరుడు, క్రమశిక్షణ గల మనిషి, కోపిష్ఠి, అయినా మనసు వెన్న" అని మొదలుపెట్టావు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ మా అన్న పేరు తీసేసి ఎదురింటి తాత పేరు పెట్టినా ఈ వాక్యం అట్లాగే సరిపోతుంది. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరు పోయే బస్సులో ఏళ్ల తరబడి కండక్టరుగా నిలబడిన మనిషి ఇందులో ఎక్కడా కనబడలేదు.

ఆ మాటలన్నీ పక్కన పెట్టి, ఒక్కోదాని దగ్గర ఆగి నిన్ను నువ్వే అడుక్కో: ఆయన ఏం చేస్తుండగా చూసి ఈ మాట అనుకున్నాను? నిజాయితీనే తీసుకుందాం. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్టు వెనక బాకీ రాసిస్తాడు కదా, అన్న రిటైరయ్యాక ఇంట్లోనూ అదే చేసేవాడు. పూలమ్మే ఆమెకు రెండు రూపాయలు తగ్గితే, వంటింటి తలుపు పక్కనున్న క్యాలెండర్లో ఆ తేదీ గడిలో 'పూలు 2' అని రాసేవాడు. ఇచ్చేశాక దాని మీద అడ్డగీత కొట్టేవాడు. ఇంతవరకు రాసి ఆగు. కింద మళ్లీ "అంత నిజాయితీపరుడు మా తాత" అని చేర్చకు. ఆ మాట చదివేవాళ్లు అనుకోవాలి. వాళ్లకంటే ముందు నువ్వే అనేస్తే క్యాలెండరు వట్టి సాక్ష్యంగా మిగిలిపోతుంది.

'రాసేవాడు, కొట్టేవాడు, అనేవాడు' అంటూ పేజీ అంతా నడిపినా మనిషి కదలడు. రెండు మూడు వాక్యాలు అట్లా చెప్పి, ఒక్క రోజులోకి రా. అలవాటు తప్పిన రోజు దొరికితే దాన్నే పట్టుకో. మీ అవ్వ పోయిన నెల ఆ క్యాలెండర్లో ఒక్క గడిలోనూ రాత లేదు. కర్మ అయిపోయాక పూలామె వచ్చి, పాత బాకీ అడగబోయి ఊరుకుంది. అన్న జేబులో చెయ్యి పెట్టి, ఎంతుందో చూడకుండానే, ఉన్నదంతా ఆమె గంపలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. అక్కడ దుఃఖం అనే మాట అక్కర్లేదు. అయితే రెండు రూపాయల లెక్క ముందు వచ్చి ఉండాలి. మామూలు రోజులు తెలియనివాళ్లకు ఈ రోజు తేడా తెలియదు. అందుకే వరుస మార్చకు.

"చేతులు తిప్పుతూ మాట్లాడేవాడు" అని రాశావు. చేతులు తిప్పనివాళ్లెవరు? ఏ చెయ్యి, దేని మీద, ఎప్పుడు అన్నది చెప్పు. గంగజాతరకు అందరం ఆటో ఎక్కితే, చివరగా తనెక్కి, చెయ్యి బయటికి చాపి పైకప్పు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. డ్రైవర్లు వెనక్కి చూడకుండా బండి కదిలించేవాళ్లు. మార్కెట్లో నోట్లను నిలువుగా మడిచి ఎడమచేతి వేళ్ల మధ్య ఇరికించుకోవడం నీకూ గుర్తుండే ఉంటుంది. ఈ రెండూ ఒకే పేరాలో పెట్టకు, ఒకదాన్నొకటి తినేస్తాయి.

వస్తువుల దగ్గర కళ్లజోడు, రేడియో, చేతికర్ర, తోలుబ్యాగు అని జాబితా వేశావు. బ్యాగు ఒక్కటి ఉంచు. అది మీ చిన్నాన్న ఇంట్లో ఉంది, పోయి చేతిలోకి తీసుకుని చూడు. పట్టీ భుజానికి ఆనే చోట నల్లబడి నునుపెక్కింది. చిల్లర బరువుకు లోపలి అరల్లో ఒకదాని అడుగుభాగం సాగిపోయింది, వేరే రంగు దారంతో కుట్టించాడు. వస్తువు ఏ రంగుదో చెప్పడం కన్నా ఎక్కడ అరిగిందో చెబితే దాన్ని వాడిన మనిషి తెలుస్తాడు. రిటైరయ్యాక అదే అరలో బీపీ మాత్రలు, మీకోసం చెనక్కాయల చిక్కీలు ఉండేవి.

ఇక కోపం. దాన్ని 'మనసు వెన్న'తో కప్పేశావు, అది నాకు నచ్చలేదు. అన్న అరిచేవాడు కాదు. చిల్లర డబ్బా చాప మీద బోర్లించి, రూపాయి బిళ్లల్ని పదేసి చొప్పున దొంతర్లు పేర్చేవాడు. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ మీ నాన్నకు అన్నం పెట్టమని అడగడానికి కూడా భయం. ఆ భయం రాయాలి. అది నువ్వు చూసింది కాదు గనక 'నాన్న చెప్పేవాడు' అనే రాయి, నీ కళ్లతో చూసినట్టు రాయకు.

తిరగరాశాక పేరూ, వరసా తీసేసి మీ మేనత్తకు చదివి వినిపించు. "అవును, చాలా మంచివాడు" అని ఊరుకుంటే పేజీ ఇంకా కుదరలేదు. "ఆటో మీద కొట్టింది చెప్పావు సరే, మరి గుళ్లో మనల్ని వేలితో లెక్కపెట్టింది రాయలేదే?" అని గొడవకు దిగితే కుదిరినట్టే. ఆమె చెప్పినవి విడిగా రాసిపెట్టుకో. వాటిలో బస్సు మనిషిని చూపించేది ఒక్కటి చేర్చు, మిగతావి వదిలెయ్.

ఆశీస్సులతో,
మీ చిన్నవ్వ