సర్వైవల్ కర్వ్ చదివేటప్పుడు ఆ వారానికి ఎంతమంది మిగిలారో ముందు చూడండి

"ఎండీ పీడియాట్రిక్స్ రెండో ఏడాది. జర్నల్ క్లబ్‌లో నాకు సర్వైవల్ కర్వ్ ఉన్న పేపర్ వచ్చింది. మెట్లలా దిగే రెండు గీతలు, వాటి మీద చిన్న చిన్న టిక్కులు. సెన్సార్డ్ అంటే మధ్యలో మానేసినవాళ్లా? వాళ్లని తీసేసి లెక్క వేస్తే తప్పేంటి? కింద ఇచ్చిన లాగ్-ర్యాంక్ పి-వాల్యూ దేన్ని దేంతో పోలుస్తుంది?"

నేను పీజీల థీసిస్‌లకు స్టాటిస్టిక్స్ చూస్తుంటాను. ఎవరు ఇది అడిగినా థియరీ జోలికి పోకుండా ఒక పాత డేటా ముందు పెడతాను. మీది పీడియాట్రిక్స్ కాబట్టి మీకు అది ఇంకా దగ్గరగా ఉంటుంది. 1963లో ఫ్రైరైక్, ఆయన సహచరులు ప్రచురించిన ట్రయల్ అది. అక్యూట్ లుకేమియాతో వచ్చి, స్టెరాయిడ్లతో రెమిషన్‌లోకి వెళ్లిన పిల్లల్ని జతలుగా తీసుకున్నారు. ప్రతి జతలో ఒకరికి 6-మెర్కాప్టోప్యూరిన్, ఇంకొకరికి ప్లాసిబో. మొత్తం 21 జతలు. జబ్బు తిరగబెట్టడానికి ఎన్ని వారాలు పట్టిందో కింద ఉంది.

```
6-MP    : 6 6 6 6+ 7 9+ 10 10+ 11+ 13 16 17+ 19+ 20+ 22 23 25+ 32+ 32+ 34+ 35+
placebo : 1 1 2 2 3 4 4 5 5 8 8 8 8 11 11 12 12 15 17 22 23
```

ఇక్కడ లెక్కపెడుతున్నది చావుల్ని కాదు, రిలాప్స్‌ని. పేరు సర్వైవల్ అని ఉన్నా, గీత ఏ సంఘటనకి దిగుతోందో పేపర్‌లో ముందు వెతకండి.

ప్లస్ గుర్తు ఉన్నవే సెన్సార్డ్. 9+ అంటే ఆ పాపకో బాబుకో 9 వారాల వరకు జబ్బు తిరగబెట్టలేదని మనకి తెలుసు, ఆ తర్వాతి సంగతి ఈ డేటాలో లేదు. మానేసినవాళ్లు అందులో ఒక రకం మాత్రమే. ఎక్కువగా కనిపించేది ఇంకో రకం: ట్రయల్‌లో ఆలస్యంగా చేరినవాళ్లు. డేటా మూసే రోజుకి వాళ్లని చూసిన కాలమే తక్కువ. గీత మీద మీరు చూసిన టిక్కులు ఇవే.

వీళ్లని తీసేస్తే ఏమవుతుందో ఈ డేటాలోనే చూడొచ్చు. మందు గ్రూపులో ప్లస్ ఉన్న 12 మందిని తీసేస్తే మిగిలేది 9 మంది, వాళ్ల సగటు దాదాపు 12 వారాలు. ప్లాసిబో సగటు దాదాపు 9 వారాలు. పెద్ద తేడా ఏమీ లేదే అనిపిస్తుంది. కానీ మనం పక్కన పెట్టింది ఎవరిని? 32, 34, 35 వారాలైనా జబ్బు తిరగబెట్టని పిల్లల్ని. మందు బాగా పనిచేసినవాళ్లనే ఏరి బయటపడేశాం. పోనీ ప్లస్ గుర్తు చెరిపేసి, 35+ ని 35 అనుకుని సగటు తీద్దామంటే, జరగని రిలాప్స్‌ని జరిగినట్టు రాసుకోవడమే అవుతుంది.

కాప్లాన్-మేయర్ పద్ధతి ఈ చిక్కుని భలే సులువుగా విప్పుతుంది. ఒక పిల్లవాడిని ఎంతవరకు చూశామో అంతవరకు హారంలో ఉంచుతుంది, ఆ తర్వాత తీసేస్తుంది. మందు గ్రూపులో 6వ వారానికి 21 మంది ఉన్నారు, ముగ్గురికి రిలాప్స్ అయింది. 18/21, అంటే 0.857 దగ్గరికి గీత దిగుతుంది. అదే వారం ఒకరు సెన్సార్ అయ్యారు (6+). దానికి గీత దిగదు, టిక్కు మాత్రమే పడుతుంది. కానీ 7వ వారానికి మిగిలింది 17 మందే. అందులో ఒకరికి రిలాప్స్, కాబట్టి 0.857 ని 16/17తో గుణించాలి, 0.807 వస్తుంది. ఇలాగే దిగుతూ 23వ వారంలో 0.448 దగ్గర ఆగుతుంది. గీత 0.5 కిందికి జారింది ఆ వారంలోనే, కాబట్టి మీడియన్ 23 వారాలు. ప్లాసిబోకి అది 8 వారాలు.

ఆ తర్వాత గీత 35వ వారం దాకా బల్లపరుపుగా సాగుతుంది. జర్నల్ క్లబ్‌లో ఎవరో ఒకరు "దాదాపు 45 శాతం మందికి ఇక తిరగబెట్టదన్నమాట" అంటారు. అనొద్దు. 23వ వారం దాటాక చూస్తున్నది ఐదుగురినే, 35వ వారానికి ఒక్కరిని. ఆ ఒక్కరికి ఆ వారమే రిలాప్స్ అయి ఉంటే గీత ఏకంగా సున్నాకి పడేది. గ్రాఫ్ కింద వారాల వారీగా మిగిలినవాళ్ల సంఖ్య ఇస్తారు. గీత కుడి చివర గురించి నోరు తెరిచే ముందు ఆ వరస చదవండి. అది ఇవ్వని పేపర్‌ని నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

ఇక లాగ్-ర్యాంక్. ఇది మీడియన్లని పోల్చదు, ఏదో ఒక వారం దగ్గర గీతల ఎత్తునీ పోల్చదు. రిలాప్స్ జరిగిన ప్రతి వారం దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేస్తుంది: రెండు మందులకీ తేడా లేకపోతే, ఈ వారం రిలాప్స్‌లలో ఎన్ని ఏ గ్రూపుకి పడాలి? 8వ వారం తీసుకోండి. మందు గ్రూపులో 16 మంది, ప్లాసిబోలో 12 మంది, మొత్తం 28 మంది ఇంకా రెమిషన్‌లో ఉన్నారు. ఆ వారం నలుగురికి తిరగబెట్టింది. తేడా లేకపోతే మందు వైపు 4 × 16/28, అంటే సుమారు 2.3 పడాలి, ప్లాసిబో వైపు 1.7. నిజానికి నాలుగూ ప్లాసిబోలోనే జరిగాయి. అలాగని ప్రతి వారం మందుదే పైచేయి కాదు. 6వ వారంలో ముగ్గురూ మందు తీసుకున్నవాళ్లే, అక్కడ వాళ్లకి పడాల్సింది 1.9.

అన్ని వారాలూ కూడితే మందు గ్రూపులో 19.25 రిలాప్స్‌లు జరగాల్సిన చోట 9 జరిగాయి, ప్లాసిబోలో 10.75 చోట 21. ఈ తేడా కాకతాళీయంగా వచ్చేంతదేనా అన్నదే టెస్ట్. కై-స్క్వేర్ 16.8, పి-వాల్యూ 0.0001 కన్నా తక్కువ. ఇంత లాభం ఉందని మాత్రం అది చెప్పదు. ఎంత అన్నదానికి హజార్డ్ రేషియో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ చూడాలి. గీతలు మధ్యలో ఒకదాన్నొకటి దాటితే ఇంకో ఇబ్బంది: మొదట్లో ఒక గ్రూపుకి వచ్చిన మిగులు తర్వాత వచ్చిన తగ్గుతో కొట్టుకుపోయి, నిజంగా తేడా ఉన్నా పి-వాల్యూ పెద్దగా వస్తుంది.

వీటన్నిటికీ ఒక షరతు ఉంది. సెన్సార్ అయినవాళ్లకి ముందుముందు ఉన్న రిస్క్, ఇంకా చూస్తున్నవాళ్లకి ఉన్నంతే ఉండాలి. ట్రయల్ ముగిసినందుకు సెన్సార్ అయితే సాధారణంగా పేచీ లేదు. ఒంట్లో బాగోలేక ఫాలో-అప్‌కి రావడం మానేసినవాళ్లు ఒక గ్రూపులోనే ఎక్కువ ఉంటే ఆ గీత అబద్ధం చెబుతుంది, దాన్ని ఏ టెస్టూ పట్టుకోలేదు. అందుకే ఎవరు ఎందుకు సెన్సార్ అయ్యారో పేపర్‌లో గ్రూపుల వారీగా వెతకండి.

ఈ డేటా ఆర్‌లో రెడీగా ఉంది:

```r
library(survival)
survdiff(Surv(time, cens) ~ treat, data = MASS::gehan)
```

ఇందులో `cens` అనే కాలమ్‌లో 1 అంటే రిలాప్స్, 0 అంటే సెన్సార్డ్. పేరు చూసి చాలామంది తిరగేసి అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే థీసిస్ షీట్లలోనూ ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, గీత మాత్రం ఎప్పటిలాగే ముచ్చటగా వస్తుంది. అవుట్‌పుట్‌లో `Observed` కింద 9, 21 రావాలి. 12, 0 వచ్చాయంటే 0, 1 తారుమారయ్యాయి.