రికార్డెడ్ వెబినార్ స్క్రిప్టు: పోల్ దగ్గర ఏం మాట్లాడించాలి?

"నమస్కారమండి మేడం గారు, మాది భీమవరం పక్కన పల్లెటూరండి. ఆక్వాకల్చర్ డిగ్రీ అయింది. ఒక మేత కంపెనీ ట్రైనింగ్ టీమ్‌లో ఉద్యోగానికి టెస్ట్ ఇచ్చారు, రొయ్యల రైతులకి 20 నిమిషాల రికార్డెడ్ వెబినార్ స్క్రిప్టు రాయాలంట, స్లైడ్లకి టైములు, రెండు పోల్స్, చివర్లో ప్రశ్నలు జవాబులు ఉండాలంట. చెరువు సంగతి తెలుసు గానీ ఇదెలా రాయాలో తెలీట్లేదండి."

అమ్మా, ముందు వాళ్ళకి ఫోన్ చేసి ఒక్కటి కనుక్కో. ఈ వీడియో ఒక టైము పెట్టి అందరికీ కలిపి వేస్తారా, లేక లింకు పంపేసి ఎవరికి వీలైనప్పుడు వాళ్ళని చూసుకోమంటారా? ఎందుకంటే పోల్ ఉండేది వీడియోలో కాదు, వెబినార్ సాఫ్ట్‌వేర్‌లో. కలిపి వేస్తే ఆ నిమిషానికి ఎవరో ఒకరు కూర్చుని పోల్ ఓపెన్ చేస్తారు. మామూలు వీడియో లింకైతే నొక్కడానికి బటనే ఉండదు కాబట్టి ప్రశ్న స్లైడ్ మీదే పెట్టి "వీడియో ఒక్క క్షణం ఆపి అనుకోండి" అనిపించాలి. కలిపి వేస్తారనుకుని చెప్తున్నా.

20 నిమిషాల్లో చెరువు మొత్తం చెప్పెయ్యకు, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోవడం ఒక్కటే తీసుకో చాలు. టైములు అంచనాగా వెయ్యొద్దు, నువ్వు రాసింది ఒక పేజీ ఫోన్లో రికార్డ్ చేస్తా పైకి చదివి నిమిషానికి ఎన్ని మాటలొచ్చాయో లెక్కపెట్టు. 90 వచ్చాయనుకో, 2 నిమిషాల స్లైడ్‌కి 180 పడతాయి గానీ 150 దగ్గరే ఆగు, గ్రాఫ్ ఉన్న స్లైడ్ అయితే రైతు దాన్ని చూసుకోడానికి కాస్త టైము వదలాలి కదా.

ఇంక అసలు కష్టం పోల్ దగ్గర. చాలామంది జవాబు చెప్పేసి తర్వాత పోల్ పెడతారు, అప్పుడు అది పోల్ కాదు, విన్నారా లేదా అని పరీక్ష. జవాబున్న స్లైడ్‌కి ముందే పెట్టు, ఇలాగ:

05:00, స్లైడ్ 4. "చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఎప్పుడుంటదండి? పొద్దుగూకగానే, అర్ధరాత్రి, తెల్లారేముందు."
05:15, పోల్ ఓపెన్. ఆప్షన్లు మెల్లగా ఇంకోసారి చదవాలి. "నిన్న రాత్రి మీ చెరువు దగ్గర ఏం చూశారో గుర్తు తెచ్చుకుని నొక్కండి."
06:00, పోల్ క్లోజ్, స్లైడ్ 5, గ్రాఫ్.

06:00 తర్వాత మాట చూడు. రికార్డింగ్ రోజుకి రిజల్ట్ ఎవరికీ తెలీదు, అందుకని "మీలో ఎక్కువమంది కరెక్టుగా చెప్పారు" అని రాశావో, స్క్రీన్ మీద వేరే నంబర్లు కనపడగానే రైతుకి నమ్మకం పోద్ది. ఏ ఆప్షన్ నొక్కినవాళ్ళకైనా సరిపోయేలా రాయి: "పొద్దుగూకగానే అన్నవాళ్ళకి ఒక మాట, పగలంతా ఎండకి ప్లాంక్టాన్ తయారు చేసిన ఆక్సిజన్ ఇంకా నీళ్ళలో ఉంటది. అర్ధరాత్రి అన్నవాళ్ళు దగ్గరికొచ్చారు, అప్పటికే తగ్గుతా ఉంటది. రొయ్యలు, బ్యాక్టీరియా, ఆ ప్లాంక్టాన్ కూడా రాత్రంతా ఊపిరి తీసుకుంటానే ఉంటాయి కాబట్టి అన్నిటికంటే కిందకి పోయేది తెల్లారేముందు." అంతే, మూడు ఆప్షన్లకీ జవాబొచ్చింది, ఎవరికీ చిన్నతనం లేదు.

రెండో పోల్‌లో కరెక్టు తప్పు వద్దు, "రాత్రి ఏరియేటర్లు ఎన్ని గంటలకి ఆన్ చేస్తారు?" లాంటిది పెట్టు. దాని రిజల్ట్ చూసి ఆఖర్లో లైవ్‌లో జవాబులిచ్చే టెక్నీషియన్ మాట్లాడతాడని స్క్రిప్టులో నోట్ రాయి.

ప్రశ్నల భాగం 15:00 నుంచి. ఇవి సొంతంగా కల్పించొద్దు తల్లీ, మీ ఊళ్ళో చెరువులున్నవాళ్ళని అడిగి మూడు తెచ్చుకో, వాళ్ళు అన్న మాటల్లోనే పెట్టు. "మబ్బు పట్టిన రోజు మేత తగ్గించాలాండి?" దానికి జవాబు: ఎండ లేకపోతే పగలు తయారయ్యే ఆక్సిజనే తక్కువ, కాబట్టి మేత తగ్గించి చెక్ ట్రేలో మిగులు చూసుకోవాలి, ఏరియేటర్లు ముందే వెయ్యాలి. యాంకర్ చేత "ఇవి రైతులు ముందే పంపిన ప్రశ్నలు" అని చెప్పించు, లైవ్‌లో వచ్చినట్టు నటించొద్దు. జబ్బుకి ఏ మందు ఎంత డోసు అనే ప్రశ్న మాత్రం వీడియోలో పెట్టకు, నీళ్ళు, రొయ్య చూడకుండా చెప్పేది కాదది, లైవ్ మనిషికి వదిలెయ్. కౌంట్ రేట్లు, "ఈ వారం" లాంటి మాటలు కూడా తీసెయ్, నెల తర్వాత అదే వీడియో మళ్ళీ వేస్తే పాతబడిపోయి ఉంటాయి.

ప్రతి స్లైడ్‌కి మొదలయ్యే టైముతో పాటు ఎంతసేపో కూడా పక్కన రాసుకో, ఒకటి మారిస్తే మిగతావి సరిచేసుకోడం తేలిక. ఎడిటింగ్‌లో దగ్గులు, ఖాళీలు కోసేస్తే పోల్ టైములు ముందుకి జరిగిపోతాయి, అందుకని స్క్రిప్టు పైన "పోల్ టైములు ఫైనల్ వీడియో చూసి మళ్ళీ వెయ్యాలి" అని రాసి మరీ పంపు.