వెక్కిరింత కాదమ్మా అది

*“నాకు 27 ఏళ్లు. పెళ్లయి ఏడాదిన్నర. అత్తగారింట్లోనే ఉంటున్నాం. ఆవిడ మాట్లాడుతూ బుగ్గన చెయ్యి పెట్టుకుంటే కాసేపటికి నేనూ అలాగే కూర్చుంటున్నాను. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటే నా చెయ్యి చున్నీ మీదకు పోతుంది. నాకు తెలిసి చేయడం లేదు. పోయిన నెల చుట్టాల ముందు ‘నన్నే వెక్కిరిస్తున్నావా?’ అన్నారు. మావారు పక్కనే ఉండి ఫోన్ చూసుకున్నారు. రాత్రి అడిగితే ‘నువ్వే కాస్త చూసుకోవచ్చుగా’ అన్నారు. తల్లీకొడుకులు మాట్లాడుకుంటూ ఉంటే నేను వెళ్లగానే మాట ఆపేస్తారు. ఇదేమైనా మానసిక జబ్బా? ఎలా మానుకోవాలి?”*
*— పేరు వద్దు, విజయవాడ*

జబ్బు కాదమ్మా. మానుకునే ఉపాయం కూడా నేను చెప్పను. ఎందుకో విను.

1999లో వచ్చిన పరిశోధన ఒకటుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చార్‌ట్రాండ్, బార్గ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని ఒక్కొక్కరినీ పిలిచి, ఎదుట కూర్చున్న మనిషితో కలిసి కొన్ని ఫొటోల గురించి మాట్లాడమన్నారు. ఎదుటి మనిషి ఆ శాస్త్రవేత్తలు పెట్టుకున్న మనిషే. కాసేపటికి ఆ మనిషి మారి ఇంకొకరు వస్తారు. ఒకరి పని ముఖం రుద్దుకోవడం, ఇంకొకరి పని పాదం ఊపడం. ముఖం రుద్దుకునే మనిషి దగ్గర విద్యార్థులు తమ ముఖాన్నే ఎక్కువ రుద్దుకున్నారు. పాదం ఊపే మనిషి రాగానే పాదం ఊపడం పెరిగింది. తర్వాత అడిగితే, ఎదుటివారి అలవాటునూ గమనించలేదు, తాము చేసిందీ గమనించలేదు. ఆ ఎదుటి మనుషులు వాళ్లకు ముక్కూ మొహం తెలియనివాళ్లు. రోజూ ఒకే ఇంట్లో మసిలే నీ చెయ్యి కదలడంలో వింతేముంది?

మనం ఒక కదలికను చూసినప్పుడు, అదే కదలికను చేయడానికి కావలసిన ఏర్పాటు కూడా మెదడులో కొంత మేలుకుంటుంది. ధ్యాసంతా మాటల మీద ఉన్నప్పుడు అది చేతిలోకి జారిపోతుంది. అందుకే నీ చెయ్యి కాసేపు ఆగి కదులుతోంది. వెక్కిరించేవాళ్లు అలా చేయరు. వాళ్లు వెంటనే చేస్తారు, ఉన్నదానికంటే పెద్దది చేసి చూపిస్తారు, చేస్తూ మూడో మనిషి నవ్వుతున్నాడా అని చూస్తారు. నువ్వు ఎవరి వంకా చూడలేదు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే. “నేను వెళ్లగానే మాట ఆపేస్తారు” అన్నావు. 2008లో వచ్చిన ఇంకో పరిశోధనలో కొందరిని కంప్యూటర్‌లో బంతి ఆట ఆడించారు. కావాలనే కొందరికి బంతి వేయడం మానేశారు. ఆ తర్వాత ఒక కొత్త మనిషితో మాట్లాడిస్తే, ఆటలో వెలివేయబడినవాళ్లు ఆ మనిషి పాదం కదలికల్ని మిగతావాళ్లకంటే ఎక్కువ అనుకరించారు. తమను కలుపుకోమని అడగడానికి నోరు రాకపోయినా ఒళ్లు అడిగేసింది. నీ విషయమూ అచ్చంగా ఇదేనని ప్రయోగం చూసి తేల్చలేను. కానీ ఏడాదిన్నరగా ఆ హాల్లో నీకు బంతి రావడం లేదని మాత్రం నాకు అర్థమవుతోంది.

బంతి వేయాల్సింది మీ అత్తగారు కాదమ్మా, మీ ఆయన. ఆవిడకు కొడుకుతో ముప్పై ఏళ్ల మాటలున్నాయి, నీతో ఏడాదిన్నరవే. మధ్యలో మనిషి అతనే. చుట్టాల ముందు నిన్ను మాట అంటే ఫోన్ చూసుకున్న భర్త, రాత్రి గదిలో తప్పు నీ మీదే వేశాడు. నాకు కోపం వచ్చింది, దాచను. పెద్దావిడను ఎదిరించమని నేను అనను. “అమ్మా, తను కావాలని చేయలేదు” అన్న ఒక్క మాట చాలేది. తల్లికి గౌరవం తగ్గకుండానే భార్య పరువు నిలబడేది.

కాబట్టి అతనితో మాట్లాడు. నీ చేతుల గురించి కాదు. “మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను వస్తే ఎందుకు ఆపేస్తున్నారు?” అని సూటిగా అడుగు. ఏడుస్తూ వద్దు, రాత్రి పడుకునే ముందు వద్దు. ఇద్దరూ బయటికి వెళ్లినప్పుడు అడుగు. నువ్వు గదిలోకి వచ్చినప్పుడు మాట ఏదైనా సరే, “ఇదిగో, ఈ సంగతి మాట్లాడుకుంటున్నాం” అని నిన్ను అందులోకి లాగమని చెప్పు. అతను చేయాల్సింది అంతే.

అత్తగారి ముందు చేతులు కట్టేసుకుని కూర్చోవద్దు. ధ్యాస చేతుల మీదకు వెళ్తే మాట తడబడుతుంది, ముఖం బిగుసుకుంటుంది, ఈసారి ఆవిడ “ముభావంగా ఉంటోంది” అంటారు. మొదట చెప్పిన ముఖం రుద్దుకునే ప్రయోగం ఉంది చూడు, దాని రెండో భాగంలో పరిశోధకుల మనిషే విద్యార్థుల కూర్చునే తీరును గుట్టుగా అనుసరించింది. అలా అనుసరించినప్పుడు విద్యార్థులకు ఆ మనిషి కాస్త ఎక్కువ నచ్చింది, మాట సాఫీగా సాగిందన్నారు. కానీ అది బయటపడనంతసేపే. మీ అత్తగారికి ఇప్పటికే కంటపడింది కాబట్టి ఒక్కసారి, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పెయ్యి: “మీతో మాట్లాడుతుంటే తెలియకుండానే మీలాగే కూర్చుంటున్నాను అత్తయ్యా. మా అమ్మ దగ్గరా ఇంతే.” మీ అమ్మ దగ్గర కూడా చేస్తావో లేదో ముందు గమనించుకో, అబద్ధం చెప్పొద్దు.