షుగర్, బీపీ, అధిక బరువు ఉంటే ఏ గర్భనిరోధక పద్ధతి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు సిజేరియన్. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. ఐదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఏడాదిగా బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. నాలుగు నెలల నుంచి మెడికల్ షాపులో కొన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నాను. మొన్న బీపీ చూపిస్తే 150/96 ఉంది. ఈ మాత్రలు కొనసాగించొచ్చా? ఆశా కార్యకర్త కాపర్-టి వేయించుకోమంటున్నారు, మా తోటికోడలు మూడు నెలల ఇంజెక్షన్ మంచిదంటోంది. ఆపరేషన్ అంటే నాకు భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ముందు మాత్రల అట్ట వెనక్కి తిప్పి చూడండమ్మా. ఇథినైల్ ఎస్ట్రడయోల్ అనే పేరు ఉంటే అందులో ఈస్ట్రోజన్ ఉన్నట్టు. షాపుల్లో దొరికే నెలవారీ మాత్రల్లో ఎక్కువ భాగం ఇవే. ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్‌లో కూడా 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయోల్ ఉంటుంది. మీవీ అవే అయితే ఆపేయండి. కాపర్-టి వేయించుకునే దాకా కండోమ్ వాడండి. ఆశా కార్యకర్త చెప్పిందే నా సలహా కూడా. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే ప్రశ్న ఇంకో రూపంలో చాలామంది అడుగుతున్నారు.

ఏ ఆరోగ్య సమస్య ఉన్నవాళ్లకు ఏ గర్భనిరోధక పద్ధతి సరిపోతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పట్టిక తయారుచేసింది. వైద్య అర్హత ప్రమాణాలు అంటారు. మన దేశంలో దాన్నే గుండ్రంగా తిప్పే అట్ట చక్రంలా చేసి కుటుంబ నియంత్రణ సిబ్బందికి ఇచ్చారు. అందులో ప్రతి సమస్యకీ, ప్రతి పద్ధతికీ 1 నుంచి 4 వరకు ఒక నంబరు ఉంటుంది. 1 అంటే ఏ అభ్యంతరమూ లేదు. 2 అంటే కొంత ఇబ్బంది ఉన్నా లాభమే ఎక్కువ, వాడొచ్చు. 3 అంటే నష్టమే ఎక్కువ, వేరే దారి లేకపోతే తప్ప వద్దు. 4 అంటే అసలు వాడకూడదు.

ఇప్పుడు మీ వివరాలు ఇందులో పెట్టి చూద్దాం. మీ బీఎంఐ దాదాపు 34. పట్టికలో 30 దాటితే ఊబకాయమే, ఈస్ట్రోజన్ మాత్రలకు దాని నంబరు 2. షుగర్ ఉండి కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినకపోతే అదీ 2. ఇక్కడి వరకు మాత్రలు వాడొచ్చనే అనిపిస్తుంది. బీపీ దగ్గరే కథ మారుతుంది. పై అంకె 140 నుంచి 159 మధ్యగానీ, కింది అంకె 90 నుంచి 99 మధ్యగానీ ఉంటే నంబరు 3. పైది 160 లేదా కిందిది 100 తాకితే 4. మీ 150/96 మూడులో పడింది.

చాలామంది ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: బీపీ మాత్ర డోసు పెంచి 120కి తెచ్చుకుంటే గర్భనిరోధక మాత్ర వాడుకోవచ్చు కదా అని. కుదరదు. మందులతో అదుపులో ఉన్న బీపీకి కూడా పట్టికలో 3 అనే ఉంది. ఈస్ట్రోజన్ లివర్ మీద పనిచేసి రక్తనాళాలను బిగుసుకునేలా చేసే పదార్థాల తయారీని పెంచుతుంది, రక్తం గడ్డకట్టే గుణాన్నీ పెంచుతుంది. మందు వేసుకుంటే అంకె దిగుతుంది గానీ, రక్తనాళాల మీద ఈ రెండో ఒత్తిడి అలాగే ఉంటుంది. మీకు మొన్న బీపీ పెరగడానికి ఈ మాత్రలే కొంత కారణం కావచ్చు కూడా. ఆపాక కొన్ని వారాలకు మళ్లీ చూపించుకోండి, బీపీ డాక్టర్‌కి ఈ నాలుగు నెలల సంగతి తప్పకుండా చెప్పండి. మాత్రల సంగతి చెప్పకపోతే ఆయన టెల్మిసార్టాన్ డోసు పెంచుకుంటూ పోతారు.

ఆ 150/96 ఎలా చూశారో కూడా చెప్పాలి. ఒక్కసారి చూసిన అంకెతో ఎవరినీ ఏ గడిలోనూ పెట్టకూడదు. బస్సు దిగి మెట్లెక్కి వచ్చి టెన్షన్‌గా కూర్చోగానే చూస్తే ఎక్కువ రావడం సహజం. ఐదు నిమిషాలు కుర్చీకి ఆనుకుని, కాళ్లు నేలకు ఆనించి కూర్చున్నాకే చూడాలి. భుజం లావుగా ఉన్నవాళ్లకు మామూలు పట్టీ చాలదు. చిన్న పట్టీని బిగించి చుడితే అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ అడగండి, వేర్వేరు రోజుల్లో చూపించుకోండి. అయినా మీరు ఇప్పటికే బీపీ మందు వాడుతున్నారు కాబట్టి మాత్రల విషయంలో నా మాట మారదు.

మూడు సమస్యలూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఏం చేయాలన్నదే అసలు చిక్కు. నంబర్లు కూడరు, సగటు తీయరు, అన్నింట్లో పెద్దదే లెక్క. దాంతోపాటు గుండె, రక్తనాళాల జబ్బుకు దారితీసే కారణాలు ఒకటికి మించి ఉంటే అని పట్టికలో విడిగా ఒక వరుస ఉంది. వయసు పెరగడం, పొగ తాగడం, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ లాంటివి దానికి లెక్క. ఆ వరుసలో ఈస్ట్రోజన్ మాత్రలకు 3 లేదా 4. మూడు నెలల ఇంజెక్షన్‌కి కూడా 3.

మీ తోటికోడలి సలహా ఇక్కడే తేలిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంతర పేరుతో ఇచ్చే ఇంజెక్షన్‌లో ఈస్ట్రోజన్ లేదు, నిజమే. మీకున్న బీపీ ఒక్కటే అయితే దానికి 2, షుగర్ ఒక్కటే అయితే 2, బరువుకి 1. విడివిడిగా చూస్తే ఎక్కడా అడ్డు కనిపించదు. షుగర్, బీపీ రెండూ కలిసిన వరుసకొస్తే 3. ఈ ఇంజెక్షన్ మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గించే అవకాశం ఉంది, కొందరికి బరువూ పెరుగుతుంది. పైగా ఒకసారి వేశాక పడకపోయినా మూడు నెలలు ఒంట్లోంచి తీయలేం. ఆవిడకి బాగా పడిందంటే ఆవిడ ఒళ్లు వేరు, మీ ఒళ్లు వేరు.

కాపర్-టికి మాత్రం ఏ వరుసలో చూసినా 1. బీపీ 170 ఉన్నా 1, షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నా 1, బరువు ఎంతున్నా 1. అందులో హార్మోనే లేదు కాబట్టి. ఇంకో సౌకర్యం కూడా ఉంది. మీరు రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, కొలెస్ట్రాల్ చేయించుకున్నట్టు రాయలేదు. షుగర్ ఉన్నందుకు అవి ఎలాగూ చేయించుకోవాలి, కానీ ఆ రిపోర్టులు ఎలా వచ్చినా కాపర్-టి నంబరు మారదు. వాటి కోసం ఆగనక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లకు లూప్ వేస్తే ఇన్ఫెక్షన్ వస్తుందని, సిజేరియన్ అయినవాళ్లకు పనికిరాదని ఊళ్లో అంటూ ఉంటారు. రెండూ నిజం కాదు. వేసే ముందు లోపల పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ లేదని, గర్భం లేదని చూస్తారు. కారణం తెలియని రక్తస్రావం ఉంటే మాత్రం ముందు అదేంటో తేల్చాలి. బరువెక్కువ ఉండి నెలసరి గతి తప్పేవాళ్లలో ఇది ముఖ్యం. మీరు మాత్రలు మానకుండా వేసుకుంటూ ఉంటే నెలసరి కోసం కూడా ఎదురుచూడక్కర్లేదు. కొత్త అట్ట మొదటి వారంలోనే ఆపేశారా, గత ఐదు రోజుల్లో కలిశారా అన్నది డాక్టర్‌కి చెప్పండి. ఆ ఐదు రోజుల్లోపు వేస్తే కాపర్-టి అప్పటి గర్భాన్ని కూడా ఆపగలదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండు రకాలు ఉచితంగా వేస్తారు, 380-ఏ పదేళ్లకు, 375 ఐదేళ్లకు. మధ్యలో ఎప్పుడు కావాలన్నా తీయించుకోవచ్చు. దీంతో ఉన్న ఇబ్బంది బ్లీడింగే. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువ అవుతుంది, కడుపునొప్పి ఉంటుంది. అందుకే ముందే హిమోగ్లోబిన్ చూపించుకోండి, తక్కువ ఉంటే ఐరన్ మొదలుపెట్టండి. వేసిన మొదటి మూడు వారాల్లో జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపులో గట్టి నొప్పి వస్తే ఆగకుండా వెళ్లండి. ఇప్పటికే మీ నెలసరి బాగా ఎక్కువగా అవుతుంటే హార్మోన్ ఉన్న లూప్ అడగండి. మీలాంటివాళ్లకు దాని నంబరు 2, బ్లీడింగ్ బాగా తగ్గిస్తుంది. ఖరీదు మాత్రం ఎక్కువ.

లోపల ఏదీ పెట్టించుకోనంటే ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉండే మాత్రలున్నాయి, వాటికీ 2. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఛాయ మాత్రలో హార్మోన్ లేదు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పీసీఓఎస్, లివర్, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకు ఇవ్వరు, కాబట్టి మీరు అడిగి తెలుసుకోకుండా మొదలుపెట్టొద్దు. బరువు తగ్గడానికి ఈ మధ్య చాలామంది తీసుకుంటున్న టిర్జెపటైడ్ ఇంజెక్షన్ గురించీ ఒక మాట. అది నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తుంది. మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ కూడా ఉండాలి. కాపర్-టికి ఆ బాధ లేదు.

ఆపరేషన్‌కి భయపడుతున్నారు. మీకు అది చేయకూడదని కాదు, శిబిరంలో హడావుడిగా చేసేది కాదు. బరువు, బీపీ, షుగర్ మూడూ ఉన్నప్పుడు మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. ఇద్దరు పిల్లలు చాలనుకుంటే, మీవారికి వేసెక్టమీ గురించి అడిగారా? కోత, కుట్లు లేకుండా అయిపోతుంది, మీ జబ్బులకూ దానికీ సంబంధమే లేదు. మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంటే ఆడవాళ్లదే అన్నట్టు నడుస్తోంది. మీ విషయంలోనైతే అది పూర్తిగా తలకిందుల లెక్క. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు కండోమ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలి.

మాత్రలు ఆపినా కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఒకవైపు చేయి కాలు బలహీనపడినా, మాట తడబడినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా 108కి ఫోన్ చేయండి.

నెలసరి ఆలస్యమైతే మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. టెల్మిసార్టాన్ గర్భంలోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తుంది, షుగర్ అదుపులో లేకుండా గర్భం వస్తే బిడ్డకు అవయవ లోపాల ముప్పు పెరుగుతుంది. అందుకే మీకు గట్టి పద్ధతే కావాలి అంటున్నాను. మాత్రలు వాడే వందమందిలో మరిచిపోవడాలూ కలుపుకుని ఏడాదికి ఏడుగురికి గర్భం వస్తుంది, కాపర్-టితో ఒక్కరి కంటే తక్కువ. వారం దాటితే ఇంట్లోనే మూత్ర పరీక్ష చేసుకోండి. రెండు గీతలొస్తే అదే రోజు బీపీ డాక్టర్‌ని కలిసి టెల్మిసార్టాన్ మార్పించుకోండి. మీ అంతట మీరు బీపీ మందు ఆపేసి ఊరుకోవద్దు.