లెక్కల్లో వచ్చిన 24 లక్షలతో ఈఎంఐ కట్టలేరు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల మేత, మందుల డీలర్‌షిప్. కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2023 ఏప్రిల్‌లో మా కంపెనీ తరఫున ఒక ఫీడ్ కంపెనీలో 30% వాటా 1.20 కోట్లకు కొన్నాం. 2024-25కి ఆడిటర్ గారు ఇచ్చిన కన్సాలిడేటెడ్ లెక్కల్లో మా లాభం 42 లక్షలు, అందులో ఫీడ్ కంపెనీ నుంచి వచ్చిన షేర్ ఆఫ్ ప్రాఫిట్ 24 లక్షలు. ఇప్పుడు మరో 10% వాటా 60 లక్షలకు ఇస్తామంటున్నారు. నా ఇంటి మీద 12% వడ్డీకి, పదేళ్లకు లోను తీసుకుని ఆ డబ్బు మా కంపెనీలో పెట్టి కొందామనుకుంటున్నాను. ఏడాదికి 24 లక్షలు వస్తుంటే ఈఎంఐకి ఇబ్బంది ఉండదు కదా? జీతం నెలకు 1.25 లక్షలు. ఇంటి ఖర్చు 75 వేలు, పాత ఈఎంఐ 35 వేలు. బ్యాంకులో 2 లక్షలున్నాయి. ఫీడ్ కంపెనీ 1.50 కోట్ల ఓడీకి మా కంపెనీ గ్యారంటీ కూడా ఇచ్చింది. రెండు కంపెనీల బ్యాలెన్స్ షీట్లు పంపుతున్నాను.

జవాబు: ఈ లోను తీసుకోకండి. కుటుంబ కంపెనీలు నడిపే చాలామంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆ 24 లక్షలు మీ కంపెనీకి రాలేదు. ఫీడ్ కంపెనీ ఆ ఏడాది పన్ను పోగా 80 లక్షలు సంపాదించింది. అందులో మీ వాటా 30% అంటే 24 లక్షలు. 20 శాతం గానీ అంతకు మించి గానీ ఓటు హక్కు ఉంటే ఆ కంపెనీ నిర్ణయాల్లో మీ మాటకు బలం ఉంటుందని లెక్కల నియమం భావిస్తుంది. దాన్ని అసోసియేట్ అని పిలిచి, దాని లాభంలో మీ వంతును మీ లాభంతో కలిపి చూపే కన్సాలిడేటెడ్ లెక్కల్లో ఒకే లైనులో చూపమంటుంది. దీన్నే ఈక్విటీ పద్ధతి అంటారు. మీలాంటి అన్‌లిస్టెడ్ చిన్న కంపెనీలకు ఏఎస్ 23 అనే అకౌంటింగ్ ప్రమాణం, లిస్టెడ్ కంపెనీలకూ పెద్ద కంపెనీలకూ ఇండ్ ఏఎస్ 28 వర్తిస్తాయి. ఈ విషయంలో రెండూ చెప్పేది ఒకటే. మీ ఆడిటర్ గారు తప్పేమీ చేయలేదు. ఆ లైనును మీరు చదివిన తీరులోనే తేడా ఉంది.

మీ లెక్కనే మొదటి నుంచి చూద్దాం. మీరు కొన్న రోజు ఫీడ్ కంపెనీ నికర ఆస్తి 3 కోట్లు. అందులో 30% అంటే 90 లక్షలు. మీరు ఇచ్చింది 1.20 కోట్లు కాబట్టి మిగిలిన 30 లక్షలు గుడ్‌విల్. అది కూడా పెట్టుబడి విలువలోనే కలిసి ఉంటుంది. 2023-24లో ఆ కంపెనీ లాభం 40 లక్షలు, మీ వంతు 12 లక్షలు, డివిడెండ్ లేదు. పెట్టుబడి విలువ 1.32 కోట్లకు పెరిగింది. 2024-25లో మీ వంతు 24 లక్షలు కలిసి 1.56 కోట్లయింది. అదే ఏడాది ఆ కంపెనీ మొత్తం 10 లక్షల డివిడెండ్ ఇచ్చింది, మీకు 3 లక్షలు వచ్చాయి. ఆ 3 లక్షలను పెట్టుబడిలోంచి తీసేసి 1.53 కోట్లు చూపారు.

చాలామంది గమనించనిది ఇక్కడే ఉంది. ఈక్విటీ పద్ధతిలో డివిడెండ్ ఆదాయం కాదు. లాభంలో మీ వంతును ముందే ఆదాయంగా రాసేశారు కాబట్టి, చేతికొచ్చిన డబ్బును మళ్లీ ఆదాయంగా రాస్తే ఒకే లాభం రెండుసార్లు పడుతుంది. అందుకే దాన్ని పెట్టుబడిలోంచి తగ్గిస్తారు. అంటే రెండేళ్లలో మీ లెక్కల్లోకి ఎక్కిన లాభం 36 లక్షలు, బ్యాంకుకు చేరింది 3 లక్షలు. మిగతా 33 లక్షలూ ఫీడ్ కంపెనీలోనే ఉన్నాయి.

ఏ రూపంలో ఉన్నాయో మీరు పంపిన బ్యాలెన్స్ షీటే చెబుతోంది. ఏడాదిలో ఆ కంపెనీ డెటర్లు 1.10 కోట్ల నుంచి 1.95 కోట్లకు పెరిగాయి. లాభం 80 లక్షలైతే రావాల్సిన బాకీలు 85 లక్షలు పెరిగాయి. లాభం మొత్తం రైతుల దగ్గరా డీలర్ల దగ్గరా అప్పుగా ఉందన్నమాట. చెరువులో రొయ్య కౌంటుకొచ్చిందని, పట్టుబడి కాకముందే ఆ డబ్బు ఖర్చు పెట్టబోయే రైతును మీరే వద్దంటారు. ఇదీ అంతే.

ఇకపై మీ కంపెనీ ఒక్కదానివే చూపే స్టాండలోన్ లెక్కలను ముందు చూడండి. అక్కడ పెట్టుబడి కొన్న ధర 1.20 కోట్ల దగ్గరే ఉంటుంది, ఆదాయంగా 3 లక్షల డివిడెండ్ మాత్రమే కనిపిస్తుంది. మీ స్టాండలోన్ లాభం 21 లక్షలు. అందులోంచి 3 లక్షల డివిడెండ్ తీసేసి 24 లక్షలు కలిపితే 42 లక్షలు. ఈ చిన్న కూడికే మీ టెన్షన్ తగ్గించాలి, పెంచాలి కూడా. మీ సొంత వ్యాపారం సంపాదించింది 18 లక్షలు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కూడా ఆ 24 లక్షల మీద పన్ను అడగరు, వచ్చిన డివిడెండ్ మీదే అడుగుతారు. మీ కంపెనీకి క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తయారు చేసి ఉంటే, కన్సాలిడేటెడ్ దాంట్లో లాభం కింద షేర్ ఆఫ్ ప్రాఫిట్‌ను మైనస్ చేసి ఉంటారు, చూడండి. నగదు కాదు కాబట్టే తీసేస్తారు.

ఇప్పుడు మీ లోను సంగతి. 60 లక్షలకు 12% మీద పదేళ్లకు ఈఎంఐ నెలకు 86 వేలు దాటుతుంది, ఏడాదికి సుమారు 10.33 లక్షలు. గత ఏడాదిలాగే డివిడెండ్ ఇస్తే, 40% వాటా మీద వచ్చేది 4 లక్షలు. కొత్తగా కొనే 10% తెచ్చేది అందులో 1 లక్ష. లక్ష రూపాయల రాబడి కోసం ఏడాదికి పది లక్షలకు పైగా కట్టే అప్పు, అదీ ఉంటున్న ఇంటి మీద! దీన్ని పెట్టుబడి అని నేను అనలేను.

ధర కూడా చూడండి. ఫీడ్ కంపెనీ నికర ఆస్తి ఇప్పుడు 4.10 కోట్లు. అందులో 10% అంటే 41 లక్షలు. మీరు ఇస్తున్నది 60. అంటే మరో 19 లక్షల గుడ్‌విల్. పోనీ అధికారమేమైనా పెరుగుతుందా అంటే, అదీ లేదు. స్పెషల్ రిజల్యూషన్‌కు 75% ఓట్లు కావాలి కాబట్టి మీ 30 శాతంతోనే దాన్ని ఆపగలరు. మామూలు తీర్మానం గెలిపించుకోవాలంటే సగానికి మించి కావాలి. 30కీ 40కీ మధ్య మీకు కొత్తగా వచ్చే హక్కు లేదు. డివిడెండ్ ఎంతో బోర్డు సిఫారసు చేస్తుంది, షేర్‌హోల్డర్లు ఆ మొత్తాన్ని తగ్గించగలరు గానీ సాధారణంగా పెంచలేరు. 40% ఉన్నా మీ ఈఎంఐ తేదీకి డబ్బు ఇమ్మని మీరు అడగలేరు.

ఒకవేళ ఇచ్చారనుకోండి, ఆ డబ్బు వచ్చేది మీ కంపెనీకి, మీకు కాదు. అక్కడి నుంచి జీతంగానో, డివిడెండ్‌గానో, మీరు పెట్టిన డబ్బు తిరిగి తీసుకోవడంగానో మీ దగ్గరికి రావాలి. ఏ దారిలో వచ్చినా మీ కంపెనీ ఖాతాలో నగదు ఉండాలి. సొంత వ్యాపారం 18 లక్షలు తెస్తోంది కదా అంటారేమో. మీ డీలర్‌షిప్, ఆ ఫీడ్ కంపెనీ ఒకే చెరువుల మీద బతుకుతున్నాయి. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి రైతులు సీజన్ మధ్యలో పంట తీసేస్తే మీ బాకీలూ ఆగుతాయి, వాళ్ల బాకీలూ ఆగుతాయి. ఒకటి తగ్గినప్పుడు రెండోది ఆదుకోదు.

అలాంటి ఏడాదిలో ఫీడ్ కంపెనీ 50 లక్షలు నష్టపోతే మీ లెక్కల్లో 15 లక్షల నష్టం పడుతుంది. మీ సొంత లాభం 18 లక్షల దగ్గరే నిలిచినా కన్సాలిడేటెడ్ లాభం 42 నుంచి 3 లక్షలకు పడిపోతుంది. నగదు పోకపోయినా, బ్యాంకు మీ ఓడీ రెన్యూవల్‌కు ఆ అంకె చూసి ప్రశ్నలు వేస్తుంది.

ఇంతకన్నా నన్ను భయపెట్టింది మీరు చివర్లో రాసిన గ్యారంటీ. మామూలుగా అసోసియేట్ నష్టాల్లో మీ వంతు పెట్టుబడి విలువ సున్నా అయ్యేదాకానే రాస్తారు, ఆ తర్వాత ఆపేస్తారు. కానీ అసోసియేట్ బాకీలకు గ్యారంటీ ఇచ్చి ఉంటే సున్నా తర్వాత కూడా ఆ బాధ్యత మేరకు నష్టం రాస్తూనే ఉండాలి. పైగా మీ వాటా 30 శాతమే అయినా గ్యారంటీ రాసి ఇచ్చింది 1.50 కోట్లకూ. బ్యాంకు అడిగేటప్పుడు 45 లక్షలతో ఆగదు. ఆ పత్రంలో మీ వ్యక్తిగత సంతకం కూడా ఉందేమో ముందు చూడండి. ఉంటే, ఇప్పుడు తాకట్టు పెట్టబోతున్న ఇల్లు కూడా ఆ ఓడీకి పరోక్షంగా జవాబుదారీయే.

ఇవన్నీ పక్కన పెట్టినా, నెలకు 1.10 లక్షలు ఖర్చున్న ఇంట్లో 2 లక్షలే ఉండటం చూసి ఈ లోను వద్దనేవాడిని. రెండు నెలలు కూడా రాదు. ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చు సరిపోతుందంటాను. జీతం, లాభం, వాటా అన్నీ ఆక్వా మీదే ఆధారపడిన మీకు పన్నెండు నెలలది కావాలి, అంటే 13 లక్షలకు పైన. ఇది మీ పేరు మీద ఉండాలి, కంపెనీ ఖాతాలో కాదు. కంపెనీ ఖాతాలో ఉన్నది ఏదో ఒక రోజు మేత బిల్లుకు వెళ్లిపోతుంది. నాలుగు లక్షలు స్వీప్ ఎఫ్‌డీలో, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో పెట్టండి. జీతంలో మిగిలే 15 వేలతో ఇది చాలా నెమ్మదిగా అవుతుంది కాబట్టి, మీ కంపెనీ 18 లక్షల లాభంలో నగదుగా మారినంత మేరకు ఈ ఏడాది డివిడెండ్ తీసుకుని, పన్ను పోగా దీంట్లోనే వేయండి. ఈ నిధి నిండేదాకా కొత్త వాటా మాట వద్దు.

టర్మ్ పాలసీ గురించి మీరు రాయలేదు. పాత లోను, గ్యారంటీ రెండూ కవర్ అయ్యేలా ఉందో లేదో చూసుకోండి. ఆ 10% నిజంగా మంచిదనిపిస్తే రెండు మూడేళ్లలో సొంత నగదుతో కొంచెం కొంచెంగా కొనే వీలుందేమో అడగండి, అప్పుతో మాత్రం కాదు.

ఫీడ్ కంపెనీ వాళ్లతో ఇప్పుడు మాట్లాడాల్సింది వేరే ఉంది. లాభంలో కనీసం ఇంత శాతం డివిడెండ్‌గా ఇవ్వాలని షేర్‌హోల్డర్ల ఒప్పందంలో రాయించండి. వాళ్ల ఓడీ రెన్యూవల్‌కు వచ్చినప్పుడు మీ గ్యారంటీని 30 శాతానికి, అంటే 45 లక్షలకు పరిమితం చేయమని బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఒప్పుకోకపోతే కొత్త పత్రాల మీద సంతకం చేయకండి.