పిల్లల ఫోటోలో బట్టలు మార్చమని అడిగితే

చిరంజీవి అల్లుడికి మీ హన్మకొండ మామ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది రెండు రోజులుగా నా మనసులో తిరుగుతోంది. పరకాలలో నీ స్టూడియో ముందు "పిల్లల ఫోటోల్లో ఏ డ్రెస్ అయినా మార్చి ఇస్తాం" అని బోర్డు పెడతానన్నావు. ఫోన్‌లో అటు కస్టమర్లు, ఇటు కస్టమర్లు, సరిగా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ఆ పని చెయ్యొద్దని కాదు. ఆ బోర్డులో "ఏ డ్రెస్ అయినా" అన్న మాట మాత్రం తీసెయ్యి. ఎందుకో వివరంగా చెబుతాను.

నేను పని నేర్చుకున్న రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ ప్రింటు మీద సన్న బ్రష్షుతో రంగులు అద్దేవాళ్ళం. లంగాకు ఎర్రరంగు వేస్తే లంగా ఎర్రబడేది, అంతే. లోపల ఉన్న పిల్ల అట్లాగే ఉండేది. ఇప్పుడు ఏఐ టూల్‌తో చేసే పని అది కాదు. ఈ తేడా నాకు పోయిన ఏడాది ఒక ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ దగ్గర తెలిసింది.

అమ్మాయికి 13 ఏళ్ళు. మేనమామ పెట్టే మెరూన్ పట్టులంగా టైలర్ దగ్గర ఆలస్యమై ఆ రోజుకు అందలేదు. ఇంట్లో ఉన్న ముదురు ఆకుపచ్చ లంగా కట్టి ఫంక్షన్ కానిచ్చారు. ఆల్బమ్ కవర్ మీద మాత్రం మెరూన్ లంగా కనిపించాలని తల్లి, మేనమామ ఇద్దరూ వచ్చి అడిగారు. న్యాయమైన కోరికే. మన దగ్గర పని చేసే పిల్లవాడికి అప్పజెప్పాను. వాడు త్వరగా అవుతుందని ఒక వెబ్‌సైట్‌లో ఫోటో ఎక్కించి, మెడ నుంచి పాదాల దాకా మొత్తం సెలెక్ట్ చేసి, మెరూన్ లంగా ఓణీ, స్టైలిష్‌గా అని టైప్ చేశాడు. నిమిషంలో నాలుగు ఫోటోలు వచ్చాయి. ముఖం ఆ పిల్లదే. కింద ఉన్న ఒళ్ళు మాత్రం పెళ్ళీడు మనిషిది. జాకెట్టు మెడ కిందికి దిగింది, ఓణీ పక్కకు జరిగింది, నడుము బయటపడింది. వాడు అట్లా అడగలేదు, వాడి మనసులో ఏమీ లేదు. అయినా 13 ఏళ్ళ పిల్ల ఫోటో అట్లా తయారై మా కంప్యూటర్‌లో ఉంది. అది చూసినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

ఎందుకట్లా వచ్చిందంటే, నువ్వు సెలెక్ట్ చేసిన చోటు ఆ టూల్‌కు ఖాళీ జాగా కింద లెక్క. అక్కడున్న బట్టను తుడిచేసి కొత్త బట్ట గీస్తుంది. బట్ట నిలబడాలంటే లోపల ఒక ఒళ్ళు ఉండాలి కదా, దాన్ని కూడా అదే ఊహించి గీస్తుంది. ఆ ఊహ అది నేర్చుకున్న ఫోటోల్లోంచి వస్తుంది. లెహంగా, లంగా ఓణీ ఫోటోలు ఎక్కడ చూసినా మోడళ్ళవే కదా. స్టైలిష్, గ్లామర్, బ్రైడల్ లాంటి మాట ఒకటి కలిపితే ఇంకా అటే లాగుతుంది. పెద్దవాళ్ళ ఫోటోలో ఈ తప్పు జరిగితే చూడటానికి బాగుండదు, మార్చి ఇస్తాం. పిల్లల ఫోటోలో అదే తప్పు వేరే రకం ఫోటోను పుట్టిస్తుంది. చెయ్యాలని లేకపోయినా పుడుతుంది, అందుకే భయపడమంటున్నాను.

ఆ నాలుగు ఫోటోలూ డౌన్‌లోడ్స్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి, ఆ వెబ్‌సైట్ అకౌంట్ హిస్టరీ నుంచి తీసేయించాను. వాళ్ళ సర్వర్‌లో ఏం మిగిలిందో నా చేతిలో లేదు. అప్పటినుంచి పిల్లల ఫోటో ఏదీ ఆన్‌లైన్ టూల్‌కు ఎక్కించొద్దని మా దగ్గర నియమం పెట్టాను. ఫోన్‌లోని ఫ్రీ యాప్‌లకు కూడా అదే వర్తిస్తుంది.

తర్వాత ఆ కవర్ ఫోటో ఎట్లా చేశామో చెబుతాను, నీకు పనికొస్తుంది. ఫోటోషాప్‌లో లంగా బట్ట వరకే సెలెక్ట్ చేశాం. జరీ అంచును, చేతులను, నడుమును సెలెక్షన్‌లోంచి తీసేశాం. దాని మీద `Hue/Saturation` లేయర్ వేసి ఆకుపచ్చను మెరూన్ వైపు జరిపాం. పట్టు మెరుపు, మడతల నీడలు పోకుండా ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ను `Color`లో పెట్టాం. మడతల దగ్గర కొద్దిగా ఆకుపచ్చ మిగిలితే మాస్క్ మీద బ్రష్షుతో సరిచేశాం. అరగంట పట్టింది. ఇది పాత రోజుల్లో రంగులు అద్దే పనే, పిల్ల ఒళ్ళు ఒక్క పిక్సెల్ కూడా కదలలేదు. మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయినే పిలిచి అడిగాను. "లంగా ఒక్కటే మార్చండి అంకుల్, ఓణీ నాకిష్టం" అంది. మేనమామకు ఓణీ కూడా మార్చాలని ఉంది. నేను అమ్మాయి మాటే విన్నాను. పదేళ్ళు దాటిన పిల్లలను తప్పకుండా అడుగు, ఆ ఫోటో జీవితమంతా వాళ్ళ వెంట తిరుగుతుంది.

కొత్త డ్రెస్ వెయ్యాల్సి వచ్చినప్పుడు నేను ఒకటే చూస్తాను. చర్మం మీదికి బట్ట రావచ్చు, బట్ట ఉన్న చోట చర్మం రావద్దు. అసలు ఫోటోలో కప్పి ఉన్నది ఎడిట్‌లో కూడా కప్పే ఉండాలి. పని అయ్యాక లేయర్ కన్ను గుర్తును నొక్కుతూ, తీస్తూ మెడ దగ్గర, చేతుల చివర, నడుము దగ్గర చూడు. బట్ట గీత కిందికి జారినా, శరీరం అంచు లోపలికో బయటికో కదిలినా ఆ ఎడిట్ పడేసి మళ్ళీ మొదలుపెట్టు. కొంచెమే కదా అని సర్దుకోకు.

ఈ లెక్కన సంతోషంగా చెయ్యగల పనులు మస్తుగా ఉన్నాయి. స్కూల్ ఐడీ కార్డుకు యూనిఫాం చొక్కా వెయ్యమంటే వెయ్యి. పుట్టినరోజు ఫోటోలో గౌను మీద పడ్డ కేకు మరక తీసెయ్యి. అన్నదమ్ములిద్దరి చొక్కాలు ఒకే రంగు చెయ్యమంటే చెయ్యి. చంటిపిల్లవాడు బట్టల్లేకుండా ఆడుకుంటున్న ఫోటో తెచ్చి ఫ్రేమ్ కట్టమంటే, లంగోటీనో చడ్డీనో వేస్తానని నువ్వే తల్లికి చెప్పు, చాలామంది ఒప్పుకుంటారు. ఫ్లెక్సీకి వెళ్ళే ఫోటోలో స్కూల్ బ్యాడ్జి, పేరు కనబడితే చెరిపెయ్యి. పాస్‌పోర్ట్ ఫోటోలో మాత్రం డ్రెస్ ముట్టుకోకు, అక్కడ ఎడిట్ చేసిన ఫోటో పనికిరాదు. స్టూడియోలో రెండు మూడు సైజుల పిల్లల చొక్కాలు ఉంచుకుంటే చాలు.

కృష్ణాష్టమికి చంటివాడి ముఖాన్ని కృష్ణుడి బొమ్మకు అతికించమంటారు. ఆ ఒళ్ళు చూడగానే చిత్రకారుడు గీసిన బొమ్మ అని తెలిసిపోతే నాకు అభ్యంతరం లేదు. నిజమైన శరీరంలా కనిపించేట్టు మాత్రం చెయ్యొద్దు. పిల్లల తలను హీరోయిన్ ఒంటికి అతికించడం బర్త్‌డే ఫ్లెక్సీల్లో చూస్తూనే ఉన్నాం. నువ్వు చెయ్యకు. తండ్రే ముందు నిలబడి అడిగినా చెయ్యకు. స్విమ్మింగ్ డ్రెస్, రాత్రి బట్టలు, పల్చటి బట్టలు, తడిసిన బట్టలు, ఇవి పిల్లల ఫోటోకు ఎవరు అడిగినా కుదరవని చెప్పు.

ఒక పని గురించి కొంచెం ఆగి చెబుతాను. రెండేళ్ళ కింద ములుగు వైపు నుంచి ఒక జంట వచ్చారు. వాళ్ళ పాప పుట్టిన ఇరవై రోజులకే పోయింది. ఆస్పత్రిలో ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కటే ఉంది, ముక్కులో గొట్టం, ఒంటి మీద వైర్లు. బారసాలకని కొన్న గులాబీ గౌను సంచిలో పెట్టుకుని వచ్చారు. ఆ గౌనును తెల్లగుడ్డ మీద పరిచి, పాప పడుకున్న కోణంలోనే ఫోటో తీశాను. దాన్ని పాప మీదికి తెచ్చి గొట్టం, వైర్లు చెరిపేశాను. ఒకటిన్నర రోజు పట్టింది, డబ్బులు తీసుకోలేదు. పిల్లల ఫోటోలో బట్ట మార్చడం ఎంత మంచి పని కాగలదో తెలియాలని ఇది రాస్తున్నాను.

ఇక అడిగేది ఎవరన్నది చూడు. కిందటి దసరా ముందు ఒక కుర్రవాడు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపించి, ఈ అమ్మాయికి మోడర్న్ డ్రెస్ వెయ్యండి అన్నాడు. అమ్మాయి స్కూల్ యూనిఫాంలో ఉంది. ఏమవుతుందని అడిగితే చెల్లెలన్నాడు. అయితే మీ అమ్మతో ఒక్క మాట మాట్లాడతాను, ఫోన్ కలుపు అన్నాను. మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు, రాలేదు. స్క్రీన్‌షాట్ అనేది పెద్ద గుర్తు. ఇంట్లోవాళ్ళ దగ్గర అసలు ఫోటో ఉంటుంది. తల్లో తండ్రో స్వయంగా రావాలి, లేదా ఫోన్‌లో నీతో మాట్లాడాలి. ఫోటో ఎక్కడ వాడతారో కూడా అడుగు. ఇంట్లో ఫ్రేమ్ వేరు, చౌరస్తాలో ఫ్లెక్సీ వేరు.

చట్టం సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. 2012లో వచ్చిన పోక్సో చట్టంలో 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే. 2019లో దాన్ని సవరించినప్పుడు, పిల్లల అశ్లీల చిత్రాలంటే కెమెరాతో తీసినవే కాదు, కంప్యూటర్‌లో తయారుచేసినవి, మార్చినవి కూడా అని రాశారు. ఐటీ చట్టం 67బి కింద అట్లాంటివి తయారుచేసినా, పంపినా మొదటిసారికే 5 ఏళ్ళ వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా పడవచ్చు. పోక్సో 20వ సెక్షన్‌లో అయితే ఫోటో స్టూడియోలను పేరుపెట్టి చెప్పారు. పిల్లలను లైంగికంగా వాడుకున్నట్టు కనిపించే ఫోటో గానీ వీడియో గానీ మన కంటపడితే పోలీసులకు చెప్పి తీరాలి, దుకాణంలో ఒక్కడే పని చేసినా సరే. చెప్పకపోతే అది కూడా నేరమే. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో అట్లాంటిది కనబడితే కాపీ తియ్యకు, సాక్ష్యమని ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు. నేరుగా మీ స్టేషన్‌కు వెళ్ళి చెప్పు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఫైళ్ళ గురించి ఒక్క మాట. పిల్లల ఫోటోలు పనివాళ్ళ సొంత ఫోన్లలోకి వెళ్ళనివ్వకు. వాట్సాప్‌లో పంపింపజేసుకుంటే ఆ ఫోన్ స్టూడియోదే అయి ఉండాలి. ఆల్బమ్ ఇచ్చిన నెలకు ఎడిట్ ఫైళ్ళు తీసేస్తామని తల్లిదండ్రులకు ముందే చెప్పు, చెప్పినట్టే తీసెయ్యి. నీ పని చూపించుకోవడానికి అద్దంలో పెట్టే ఫోటోకు కూడా వాళ్ళను అడుగు.

బోర్డు మీద "స్కూల్ యూనిఫాం, డ్రెస్ రంగు మార్పు, మరకలు తీయడం" అని రాయించు. వచ్చేవాళ్ళకు ఏం దొరుకుతుందో తెలుస్తుంది, ఆ కుర్రవాడి లాంటివాళ్ళు గుమ్మం ఎక్కరు. బతుకమ్మ ఆర్డర్లు మొదలవకముందే ఒక ఆదివారం హన్మకొండ రా. ఆ లంగా ఫైలు నేర్పడానికే అమ్మాయి తల్లిని అడిగి ఉంచుకున్నాను, లేయర్లన్నీ విప్పి నీ చేతనే మళ్ళీ చేయిస్తాను. అక్కను, పిల్లలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామ