మా పాప మూడో క్లాస్. ప్రోగ్రెస్ కార్డులో మ్యాథ్స్‌కి సాటిస్‌ఫ్యాక్టరీ, ఇంగ్లిష్ రీడింగ్‌కి నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ అని రాశారు. దేని గురించి కంగారు పడాలి?

ముందు మ్యాథ్స్ గురించి వాళ్ల మేడంని అడగండి. 13 ఏళ్లుగా ప్రైమరీలో చెబుతున్నాను, పేరెంట్స్ అందరూ రెండో మాట చూసి భయపడతారు, నన్ను భయపెట్టేది మాత్రం మొదటిదే.

ఒకసారి నా క్లాసులో ఒక పాపకి తీసివేతల్లో 20కి 14 వచ్చాయి, నేనే సాటిస్‌ఫ్యాక్టరీ అని రాశా, వాళ్ల నాన్నగారు సంతోషంగా సంతకం పెట్టి పంపారు. తర్వాత పేపర్ మళ్లీ తీసి చూస్తే పది లెక్కల్లో తప్పు పోయిన మూడూ అప్పు తెచ్చుకోవాల్సినవే. 52లోంచి 37 తీస్తే 25 అని, 64లోంచి 28 తీస్తే 44 అని, 300లోంచి 128 తీస్తే 228 అని వేసింది. అజాగ్రత్త కాదండీ, పైన ఉన్నా కింద ఉన్నా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే తీసివేత అనుకుంటోంది, ప్రతిసారీ అదే పద్ధతి. అప్పు లేని లెక్కలు ఏడు ఇచ్చాం కాబట్టి 14 వచ్చాయి, అంతే. ఆ ఒక్క మాట కింద ఇంత పెద్ద తప్పు దాక్కుంది.

అప్పట్నుంచి కార్డుతో పాటు చిన్న చీటీ పిన్ చేసి పంపుతున్నా: "సాటిస్‌ఫ్యాక్టరీ అంటే సగానికి పైగా వచ్చు, కొంత రాదు. ఏది రాదో నన్ను అడగండి. నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ అంటే ఫలానా పని ఇంకా సొంతంగా చేయలేకపోతోంది. దయచేసి కొట్టకండి." ఆ చివరి మాట ఎందుకంటే పేరెంట్స్ మీటింగ్‌లో నా కళ్ల ముందే ఒక బాబుకి చెంపదెబ్బ పడింది, నేను రాసిన రెండు మాటలకి.

అసలు స్కూళ్లవాళ్లు ఈ మాటల పక్కన ఒక లైన్ రాసుకునే చోటైనా ఇవ్వరు, నలభై మంది కార్డులు ఒక్క రాత్రిలో నింపమంటారు, ఇంక టీచర్ ఏం రాస్తుంది?

ఇంట్లో మీరే చూడొచ్చు. 52 - 37 వేయమనండి. 25 అని చెబితే, అయిదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి 37 రూపాయలు ఇమ్మనండి. ఏడు బిళ్లలు లేవు, చిల్లర కావాలి అని తనే అడుగుతుంది. ఒక పది నోటు తీసుకుని పది బిళ్లలు ఇవ్వండి, చేతిలో మిగిలిన 15 తననే లెక్కపెట్టమని, ఆ తర్వాతే కాగితం మీద వేయించండి. నా క్లాసులో ఆ పాపకి రోజూ ఇలా చేయిస్తే రెండు వారాలు పట్టింది.

రీడింగ్‌కి అయితే పాఠంలో చివరి లైన్ నుంచి వెనక్కి ఒక్కో పదం మీద వేలు పెట్టి అడగండి. ముందు నుంచి గడగడా చదివి ఇక్కడ ఆగిపోతే పాఠం కంఠతా వచ్చింది గానీ చదవడం రాలేదని. పదాలన్నీ చదివి కథ ఏంటో చెప్పలేకపోతే అది వేరే ఇబ్బంది, అర్థానిది. రెండిట్లో ఏది కనిపించిందో మేడంకి చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలో ఆవిడకి తెలుస్తుంది.